పది మీటర్ల గీత

మా తండాల నా గురించి గొప్పగ చెప్పుకుంటరు. హాతీరాం అంత మంచి పిలగాడు లేడు, సముద్రంల ఆఫీసరైనా మనిషి మారలేదు అంటరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతది. వాళ్ల మీద కాదు, నా మీదనే. ఎందుకు మండుతదో చెప్తా, వినుండ్రి.

మాది దమ్మపేట దిక్కు. భద్రాచలంల గిరిజన హాస్టల్ల ఉండి చదువుకున్న. తర్వాత రిజర్వేషన్ సీటు దొరికి బొంబాయికి పోయి ఓడల చదువు చదివిన. తొంభై తొమ్మిదిల నేను ఒక సరుకు ఓడ మీద సెకండ్ ఆఫీసర్ని. సెకండ్ ఆఫీసర్ అంటే ఓడకు దారి చూసేటోడు. సముద్రం పటాలన్నీ వాని కింద ఉంటయి. పగలు పన్నెండు నుంచి నాలుగు దాక, మళ్ల రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాక ఓడ వాని చేతిల ఉంటది.

అదే ఓడ మీద జంపయ్య సుకానీ. సుకానీ అంటే చుక్కాని చక్రం పట్టేటోడు. బూర్గంపహాడ్ అవతల గోదారి ఒడ్డున కోయగూడెం వాళ్లది. చిన్నప్పటి సంది గోదారి లాంచీల మీద చేసిండు, తర్వాత విశాఖపట్నంల పెద్ద ఓడలను గుంజే టగ్గుల మీద చక్రం పట్టిండు. నాకన్న పన్నెండేండ్లు పెద్ద. కంపెనీల ఆయన గురించి చెప్పి పెట్టిచ్చింది నేనే. చక్రం దగ్గర నన్ను "సాబ్" అనేది. డ్యూటీ దిగినంక "తమ్మీ" అనేది. నేను జంపన్నా అనేది.

ఆ ఏడు రిపేరుకు పోయినప్పుడు కంపెనీ మా ఓడకు ఎలక్ట్రానిక్ పటం బిగిచ్చింది. టీవీ అంత స్క్రీను, కింద వేలితోటి తిప్పే బాలు ఒకటి, నాలుగు గుండీలు. ఓడ ఎక్కడుందో ఆకాశంల ఉపగ్రహాల నుంచి తెలుసుకుని ఆ పటం మీద మన ఓడ బొమ్మను తనంతట తనే నడిపిస్తది. అంతకు ముందు నా బతుకు ఏందంటే, వారం వారం దిద్దుబాట్ల పుస్తకం వచ్చేది. ఫలానా చోట దీపం రంగు మారింది, ఫలానా చోట ఓడ మునిగింది, ఇట్ల. మూడొందల కాయితపు పటాలు ముందల పెట్టుకుని, సన్న పెన్నుతోటి వంకాయ రంగు సిరాతోటి ఒక్కొక్కటి దిద్దేది. నడుములు పోయేటియి. యంత్రానికైతే ఒక డిస్కు పెడితే చాలు, పది నిమిషాలల్ల అన్నీ దిద్దుకుంటది. నాకు ప్రాణం లేచొచ్చింది. కాయితాలు ఇంకా ఉంచాలని రూల్ ఉండె గనుక ఉంచినం. గంటకోసారి స్క్రీను మీది అంకెలు చూసి కాయితం మీద ఒక చుక్క పెట్టేది. ఇన్‌స్పెక్టర్లు చూసి పోవడానికి, అంతే. ఆ కాయితాన్ని కండ్లతోటి చదువుడు బంద్ చేసిన.

ఆ పటం పొరలు పొరలుగ ఉంటది. కింది పొరల ఒడ్డు, లోతు గీత, పెద్ద ప్రమాదాలు ఉంటయి, వాటిని తీసేసుడు కాదు. దాని మీద ఇంకో పొర, దారి చూపనీకి నీళ్ల మీద తేలే బోయాలు, దీపాలు, దారులు. అందరికన్న మీది పొరల అంకెల లోతులు, కేబుళ్లు, మునిగినా మనకేం అడ్డం లేవని అనుకున్న ఓడలు. మూడూ వేస్తే స్క్రీను మీద చీమల పుట్ట పగిలినట్టుంటది. అందుకని నేను మీది పొర తీసేసి పెట్టేది. అందరూ గట్లనే చేస్తరు.

ఇగ అసలుది లోతు గీత. ఇంత లోతు కంటే తక్కువున్న చోటికి నేను పోవద్దు అని మనం ఒక అంకె చెప్తం. యంత్రం ఆ లోతు దగ్గర లావు గీత గీసి, లోపలి దిక్కు నీలం పూస్తది, బయట తెల్లగ ఉంచుతది. ఓడ ఆ గీత దాటబోతుంటే ముందే మోగుతది. అయితే దానికి ఒక గుణముంది. మనం చెప్పిన లోతుకు పటంల గీత లేకపోతే, దానికన్న లోతున్న తర్వాతి గీతను పట్టుకుంటది. మన మంచికే. తక్కువ లోతు దిక్కు ఎన్నడూ జరగది.

ఆ రోజు మేము బొగ్గుతోటి నిండి ఉన్నం. ఓడ నీళ్లల్ల తొమ్మిది మీటర్ల ఎనభై దిగి ఉంది. తూర్పు దేశంల ఒక నది మొగ దగ్గరికి పోతున్నం, రేవులకు దారి చూపే పైలట్ మూడింటికి ఎక్కాలె. మా కెప్టెన్ చెంచురామయ్య గారిది నెల్లూరు దిక్కు. ఆయన పొద్దుగాల్నే లెక్క వేసి లోతు గీతకు పన్నెండు మీటర్లు పెట్టిచ్చిండు. ఆ మొగ పటంల పదికి గీత ఉంది, తర్వాత ఇరవైకే ఉంది. నడుమ ఏం లేదు. అందుకని యంత్రం ఇరవై పట్టుకుంది. మేము పోయే దారంత పద్నాలుగు, పదిహేను మీటర్ల నీళ్లు. మొత్తం నీలం అయింది. ఇగ మోగుడు మొదలుపెట్టింది.

పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, అగ్గిపెట్టంత స్పీకరు ఓడంత అరిచేది. గుండీ నొక్కితే ఆగేది. ఇంకో వంపు గీత ఎదురైతే మళ్ల అరిచేది. పన్నెండింటికి నేను బ్రిడ్జి మీదికి, అంటే ఓడను నడిపే గదిలకు, డ్యూటీ ఎక్కేసరికి థర్డ్ ఆఫీసర్ మొఖం వాడిపోయి ఉంది.

కింద కేబిన్ల నుంచి కెప్టెన్ ఫోన్ చేసిండు. "ఏందయ్యా హాతీరామ్, పొద్దుటి నుంచీ ఆ మోత. రెండు రాత్రులైంది నేను నిద్రపోయి. పైలట్ ఎక్కే ముందు ఒక గంట పడుకోనీ. ఆపించు."

"సార్, గీత ఇరవై పట్టుకుంది..."

"ఏం పట్టుకుందో నాకెందుకు. ఆపించు, అంతే." ఫోన్ పెట్టేసిండు.

ఆయన మోత ఆపమన్నడు. ఎట్ల ఆపాల్నో చెప్పలేదు. అది నేను ఒక్కణ్ణే నిర్ణయించుకున్న.

మీరు గోదారి ఒడ్డోళ్లు కాకపోతే ఇది మీకు వింతగుండొచ్చు. భద్రాచలంల నలభై మూడు అడుగులొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. మొదటి హెచ్చరికకు ఎవడూ లేవడు. లేచి మూట కట్టినోణ్ణి చూసి నవ్వుతరు. రెండోది మోగితే పసులను విప్పుతరు. అప్పుడు గూడ ముసలోళ్లు మంచం దిగరు. ఎనభై ఆరు వరదల మా హాస్టల్ వార్డెన్ బొజ్జయ్య సారు మొదటి హెచ్చరికకే మమ్ముల గుట్ట మీదికి నడిపిస్తే, రెండు దినాలు మేము ఆయన్ని ఎగతాళి చేసినం. మోగంగనే ఉరుకొద్దని, రెండోది మోగినప్పుడు చూసుకోవచ్చని మా ఒంట్ల పట్టుకుపోయిన బుద్ధి.

నేను గదే బుద్ధితోటి ఆలోచించిన. ఇరవై మొదటి హెచ్చరిక. పది రెండోది. ఓడ తొమ్మిది ఎనభైల ఉంది, పది దగ్గర మోగితే ఇంక ఇరవై సెంటీమీటర్లు ఉంటది, చాలు అనుకున్న. పన్నెండు తీసి పది పెట్టిన. పటమంత ఒక్కసారి తెల్లగైంది. మోత ఆగింది.

నాకు ఎంత హాయి అనిపిచ్చిందో. జంపన్న దిక్కు తిరిగి, "చూసినవా అన్నా, రెండో హెచ్చరికకు మోగమని చెప్పిన" అన్న. ఆయన నవ్విండు. "మన ఊరి యంత్రం చేసినవ్ సాబ్" అన్నడు.

ఇద్దరం నవ్వినం.

నేను మరిచింది రెండు. లోతు తక్కువున్న నీళ్లల్ల ఓడ జోరుగ పోతే ఇంకొంచెం కిందికి దిగుతది, పన్నెండు నాట్ల వేగానికి దగ్గర దగ్గర మీటరు. అది మొదటి ఏడు పిలగాడు గూడ పరీక్షల రాస్తడు. ఇంకోటి, ఆ యంత్రం మోగేది గీత దాటినప్పుడే. గీత అంటే ఒడ్డులెక్క పొడుగ్గ పోయే లోతు. నడుమల ఒంటరిగ పడున్న దానికి ఆ రోజులల్ల మా యంత్రం మోగేది కాదు, బొమ్మ చూపించేది. మనం చెప్పిన లోతు కంటే పైకి ఉంటేనే చూపించేది. మా దారికి కుడి దిక్కు అర మైలు దూరంల మునిగిన ఓడ ఒకటుంది. దాని మీద పది మీటర్ల నలభై నీళ్లు. గీత ఇరవై ఉన్నంత సేపు ఆ ఓడ వంకాయ రంగు సున్నల అడ్డగీతలు పెట్టుకుని కండ్లకు కొట్టినట్టు కనవడ్డది. పది పెట్టంగనే, ఇది నీకు అడ్డం కాదులే అని యంత్రం దాన్ని మీది పొరలకు పంపిచ్చింది. మీది పొర నేను ముందే తీసేసి ఉంచిన.

ఒంటిగంటకు పది నిమిషాలుండంగ చేపల పడవలు అడ్డమొచ్చినయి. మూడు నాలుగు, సక్కగ ముందల. నేను స్క్రీను చూసిన. కుడి దిక్కంత తెల్లగుంది.

"స్టార్‌బోర్డ్ టెన్" అన్న. కుడికి పది డిగ్రీలని.

చక్రం దగ్గర రూల్ ఏందంటే, ఆర్డరు ఇచ్చినోని మాటను సుకానీ తిరిగి పైకి చెప్పాలె, తిప్పినంక మళ్ల చెప్పాలె. "స్టార్‌బోర్డ్ టెన్ సాబ్" అన్నడు జంపన్న. ముందు అద్దంల నుంచి చూసుకుంట తిప్పి, "వీల్ స్టార్‌బోర్డ్ టెన్" అన్నడు. రెండుసార్లు. నా చెవులతోటి విన్న.

పడవలు ఎడమకు జరిగినయి. ఇగ సక్క చేద్దామని నోరు తెరిచిన. కింది నుంచి బండ మీద బండిని గుంజినట్టు చప్పుడొచ్చింది. కాళ్ల కింద ఇనుము వణికింది. గోడ మీది గడియారం ఊడి పడ్డది. ఓడ ఆగలేదు, దాని మీద నుంచి రాసుకుంట పోయింది. యంత్రం ఒక్క ముక్క గూడ మోగలేదు.

ఇంజను ఆపించిన. అడుగున రెండో నంబరు ట్యాంకు పగిలింది. పంపులు పెట్టినం, లంగరు వేసినం. ఎవరూ చావలేదు. నేను పక్క గదిలకు ఉరికి కాయితపు పటం చూసిన. అక్కడుంది. మునిగిన ఓడ గుర్తు, పక్కన పది పాయింట్ నాలుగు. నాలుగు నెలల కింద నా చేతి సిరాతోటి నేనే గీసిన.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డ. తిరిగొచ్చి ఎవరూ చూడకముందే పది తీసి మళ్ల పన్నెండు పెట్టిన. పటం నీలమైంది. సున్నా, అడ్డగీతలు మళ్ల వచ్చినయి.

సాయంత్రం కెప్టెన్ నన్ను కేబిన్‌కు పిలిచి తలుపేసిండు. ఆయన అప్పటికే స్క్రీను చూసిండు. మనిషి ముసలోడైపోయినట్టు అయిండు.

"నువ్వేం మార్చావో నాకు చెప్పొద్దు" అన్నడు. "చెబితే నాకు తెలిసినట్టు అవుతుంది. ఆ డబ్బా ఎంతసేపు గుర్తుపెట్టుకుంటుంది?"

"పన్నెండు గంటలు సార్. ఏ నిమిషం ఎక్కడున్నం, ఏ అంకె మార్చినం, అన్నీ. ఫ్లాపీల కాపీ చేస్తే ఉంటది. చేయకపోతే పాతదాని మీద కొత్తది ఎక్కుతది."

ఆయన చేతి గడియారం చూసుకున్నడు. "పటంలో రెక్, ఆ మునిగిన ఓడ, కనపడుతోంది. కనపడుతున్నదాని మీదికి ఏ ఆఫీసరూ కావాలని పోడు. నువ్వు పోర్ట్ అన్నావు, ఎడమకి. సుకానీ పొరపాటున కుడికి తిప్పాడు. నువ్వు చూసి సరిదిద్దేలోపు తగిలింది. ఇట్లాంటివి ఎన్ని జరగలేదు?"

"జంపన్న సర్టిఫికెట్ పోతది సార్."

"కలాసీ పొరపాటుని కంపెనీ మాఫీ చేస్తుందిలే. మరో ఓడ దొరుకుతుంది. నీది పోతే నువ్వు జన్మలో మళ్లా బ్రిడ్జి ఎక్కవు. నాకింక రెండేళ్ల సర్వీసుంది." నా భుజం మీద చెయ్యేసిండు. "పోయి పడుకో. పన్నెండింటి డ్యూటీ మేము చూసుకుంటాం."

నా జేబుల ఖాళీ ఫ్లాపీ ఉంది. బ్రిడ్జి మీదికి పోయి కాపీ చేస్తే రెండు నిమిషాల పని. అది ఉంటే జంపన్న చేతుల మీద మచ్చ పడది, నా మీద పడతది. ఆ సంగతి నాకు పూర్తిగ తెలుసు. తెలిసే కేబిన్లకు పోయి పండుకున్న. నిద్ర పట్టదనుకున్న. పట్టింది. ఇప్పటికీ నాకు అన్నిటికన్న అసయ్యమనిపిచ్చేది గదే. తెల్లారి ఏడింటికి లేచి చూస్తే రికార్డు రాత్రి ఏడింటి నుంచే ఉంది. మధ్యాహ్నం లేదు.

జంపన్న స్టేట్‌మెంట్ ఇంగ్లీషుల టైపు చేసింది నేనే. ఆయనకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవొస్తది, హిందీ మాట్లాడతడు, ఇంగ్లీషు రాదు. మెస్సుల కూసోబెట్టి కాయితం ఆయన ముందర పెట్టిన.

"ఏం రాసిండ్రు తమ్మీ?"

"ఏం లేదన్నా. నీ డ్యూటీ టైమ్, చక్రం దగ్గర నువ్వున్నవని."

ఆయన పెన్ను తీసుకుని, నాలిక మునిపండ్ల కింద పెట్టి, జం-ప-య్య అని దిద్దిండు. "నీకేం కాదు గదా?" అని అడిగిండు నన్ను. నాకేం కాదని చెప్పిన. "అట్లయితే మంచిది" అన్నడు.

కంపెనీ మాఫీ చేయలేదు. రేవు చేరంగనే ఆయన్ని దింపేసి ఇంటికి పంపిచ్చిండ్రు. మూడు నెలలకు ఆయన ఓడల పుస్తకం రద్దు చేసిండ్రు. అది లేకపోతే ఏ ఓడా ఎక్కనియ్యరు. అప్పుడు ఆయనకు కారణం చెప్పిండ్రంట, నువ్వు ఎడమకు బదులు కుడికి తిప్పినవు, నువ్వే సంతకం పెట్టినవు అని. నాకు హెచ్చరిక లెటర్ ఒకటి ఇచ్చిండ్రు, సుకానీ మీద కన్నేసి ఉంచలేదని. ఆర్నెల్లకు చీఫ్ ఆఫీసర్ పరీక్ష పాసైన.

రెండు వేల సంవత్సరం ఎండకాలం సెలవు మీద వచ్చిన. తండాల అందరూ దండలేసిండ్రు. నాలుగో నాడు ఇగ ఉండలేక బస్సెక్కి, ఆటో ఎక్కి, గోదారి ఒడ్డు గూడెం పోయిన. చెప్పేద్దామనే పోయిన, అబద్ధమెందుకు. ఆయన నన్ను తిట్టాలె, కొడితే కొట్టించుకోవాలె అనుకుంటనే పోయిన.

జంపన్న వాకిట్ల కూసోని తునికాకు కట్టలు కడుతున్నడు. నన్ను చూసి లేచి రెండు చేతులు పట్టుకున్నడు. "తమ్మీ వచ్చిండు, అన్నం వండు" అని భార్య నాగక్కకు కేకేసిండు. బక్కగైండు. లాంచీ పని దొరకలేదా అన్నా అని అడిగిన.

నాగక్క వంట కాడి నుంచే జవాబిచ్చింది. "దొరక్కేం. లాంచీ దూలయ్య మూడుసార్లొచ్చి పిలిచిండు. ఈన పోడు. చక్రం ముట్టడు. పోయిన నెల నా అన్న పడవ ఇచ్చి అవతలికి దాటించమంటే, నడుమ గోదారిల తెడ్డు వదిలేసి కూసున్నడంట. మా పిలగాడు ఏడుసుకుంట వచ్చి చెప్పిండు."

"జనం పాణం తమ్మీ. మళ్ల తప్పు తిప్పితే?" అన్నడు జంపన్న.

ఆయన ఆకు కట్ట పక్కకు పెట్టి నా దగ్గరికి జరిగిండు.

"నెలల సంది ఆలోచిస్తున్న. నాకు కుడి అన్నట్టే యాదికున్నది. నేను రెండుసార్లు పలికినట్టు గూడ యాదికున్నది. మళ్ల బొంబాయి కంపెనీ వాళ్లు నా సంతకం చూపిచ్చిండ్రు. రాత్రుళ్లు పండుకుంటే ఒకసారి కుడి వినవడతది, ఒకసారి ఎడమ వినవడతది. నా చెవులు నాయి కానట్టైనయి. ఎవణ్ణి అడగాలె? అక్కడున్నది నువ్వొక్కనివే. నువ్వు అబద్ధమాడవు. ఒక్కసారి చెప్పు తమ్మీ. ఆ రోజు నువ్వు ఏమన్నవ్?"

నాగక్క గరిటె పట్టుకుని గడపల నిలవడ్డది. ఆమె గూడ నా దిక్కే చూస్తున్నది. కుడి అన్నానని ఒక్క మాట చాలు. రేపు పొద్దున ఆయన లాంచీ ఎక్కుతడు. కాకపోతే నాగక్క తమ్ముడు బూర్గంపహాడ్ కోర్టుల బంట్రోతు. మాట ఆయన దాక పోతే కేసైతదని నాకు ఆ నిమిషంల తట్టింది. వచ్చే నెల నేను చీఫ్ ఆఫీసర్‌గ చేరాలె.

"పోర్ట్ అన్న అన్నా. ఎడమ" అన్న.

జంపన్న తల ఊపిండు. రెండు చేతులు ఒళ్లె పెట్టుకుని వాటి దిక్కు చూసిండు. "అవ్. ఇగ మంచిగైంది. తెలిసింది" అన్నడు.

నాగక్క పీట వేసి నాకు అన్నం పెట్టింది. నేను తిన్న.